రాత్రిపూట సిమెంటు చిమ్నీ ఎందుకు దుమ్ము వదులుతుంది?

నేను గుల్బర్గా జిల్లాలో, అంటే 2014 నుంచి కలబురగి అని పిలుస్తున్న జిల్లాలో, సిమెంటు కర్మాగారాల ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సున్నపురాయి నేల కాబట్టి అక్కడ కర్మాగారాలు ఎక్కువ. వాటి చుట్టూ కంది చేలు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఊళ్లో వాళ్లు నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు. "పగలంతా చిమ్నీ శుభ్రంగానే ఉంటుంది. చీకటి పడగానే దుమ్ము మొదలవుతుంది. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిళ్లు ఆ మిషను ఆపేస్తారు గదా సార్?" ఈ మధ్య డిప్లొమా చదువుతున్న మా బంధువుల అమ్మాయి కూడా అదే అడిగింది. ఆపేసేవాళ్లు ఎక్కడా లేరని నేను చెప్పను. కానీ మిషను ఆపకుండానే రాత్రి దుమ్ము రావడానికి అసలు కారణం ఒకటుంది. దాన్ని నేను నా తప్పు వల్లనే నేర్చుకున్నాను. ఆ సంగతే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ మిషను సంగతి. దాని పేరు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. మేమందరం ఈఎస్పీ అంటాం. పెద్ద ఇనుప ఇల్లు అనుకోండి. లోపల నిలువుగా, 30, 40 సెంటీమీటర్ల ఎడంతో వరుసగా ఇనుప రేకులు వేలాడుతుంటాయి. ప్రతి రెండు రేకుల మధ్య సన్నని ముళ్ల కడ్డీలు ఉంటాయి. కడ్డీలకు 50 వేల వోల్టుల చుట్టుపక్కల రుణ విద్యుత్తు ఇస్తారు. రేకులు భూమికి కలిపి ఉంటాయి. కడ్డీల ముళ్ల దగ్గర గాలి విచ్ఛిన్నమై అయాన్లు పుడతాయి. దీన్నే కరోనా అంటారు. వాయువుతో పాటు వచ్చే దుమ్ము రేణువులకు ఈ అయాన్లు అంటుకుంటాయి. రుణావేశం పొందిన రేణువు రేకు వైపు జరిగి దానికి పట్టుకుంటుంది. కొంతసేపటికొకసారి సుత్తులు రేకులను కొడతాయి. పేరుకున్న దుమ్ము పెళ్లలుగా రాలి అడుగున ఉన్న తొట్టిలో పడుతుంది. సిమెంటు కిల్నులో ఆ దుమ్ము వృథా కాదు, మళ్లీ ముడిపొడిలోకే వెళ్తుంది.

ఈ ఇంటిని సాధారణంగా మూడు నాలుగు గదులుగా విభజిస్తారు. వాటిని ఫీల్డులు అంటారు. ఒక్కొక్క దానికి విడిగా ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయరు ఉంటాయి. వాయువు ఒక దాని తర్వాత ఒకటిగా వాటి గుండా పోతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. విద్యార్థులు కాగితం మీద చేసి చూడండి. కిల్ను నుంచి వచ్చే ప్రతి ఘనమీటరు వాయువులో 40 గ్రాముల దుమ్ము ఉందనుకోండి. మూడు ఫీల్డులున్నాయి. ఒక్కొక్కటి తన దగ్గరికి వచ్చిన దుమ్ములో నూటికి 90 వంతులు పట్టుకుంటుంది. మొదటి ఫీల్డు దాటాక మిగిలేది 4 గ్రాములు, రెండోది దాటాక 0.4, మూడోది దాటాక 0.04 గ్రాము, అంటే 40 మిల్లీగ్రాములు. అదే చిమ్నీలోంచి బయటికి పోయేది. వెయ్యిలో ఒక వంతే మిగిలింది. బాగానే ఉంది.

ఒక్కొక్క ఫీల్డు 90కి బదులు 80 వంతులే పట్టుకుంటే? 40 గ్రాములు 8 అవుతాయి, 8 కాస్తా 1.6 అవుతుంది, చివరికి 0.32 గ్రాము మిగులుతుంది. అంటే 320 మిల్లీగ్రాములు. ఒక్కొక్క గదిలో తగ్గింది పది వంతులే, చిమ్నీ నుంచి వచ్చే దుమ్ము మాత్రం ఎనిమిది రెట్లయింది! చిమ్నీ కింద నిలబడిన మనిషికి పట్టుకున్న దుమ్ముతో పనిలేదు. మిగిలిపోయిన దాంతోనే పని.

దీనికొక సూత్రం ఉంది. 1922లో డాయిష్ అనే ఆయన ప్రకటించాడు.

η = 1 − e^(−wA/Q)

ఇందులో A అంటే రేకుల మొత్తం వైశాల్యం, Q అంటే సెకనుకు ప్రవహించే వాయువు, w అంటే రేణువు రేకు వైపు జరిగే వేగం. కర్మాగారం కట్టాక రేకుల వైశాల్యం మారదు. వాయువు కూడా పెద్దగా మారదు. మారేది w ఒక్కటే. ఈ w సుమారుగా వోల్టేజి వర్గాన్ని అనుసరించి మారుతుంది. వోల్టేజి 50 కిలోవోల్టుల నుంచి 42కు తగ్గిందనుకోండి. 42ను 50తో భాగించి వర్గం చేస్తే 0.7 వస్తుంది. w నూటికి 30 వంతులు తగ్గింది. సూత్రంలో వేసి చూస్తే, 90 వంతులు పట్టిన ఫీల్డు ఇప్పుడు సరిగ్గా 80 పడుతుంది. అంటే మీటరు మీద 8 కిలోవోల్టులు తగ్గితే చిమ్నీలో దుమ్ము ఎనిమిది రెట్లవుతుంది. ఎవరూ ఏ స్విచ్చీ ఆపలేదు!

మరి వోల్టేజి ఎందుకు తగ్గుతుంది? అదీ రాత్రిపూటే ఎందుకు?

కారణం రేకు మీద పేరుకున్న దుమ్ము పొరలోనే ఉంది. కడ్డీ నుంచి వచ్చే కరెంటు ఆ పొర గుండానే రేకును చేరాలి. పొర కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పేదే నిరోధకత. దాన్ని ఓం-సెంటీమీటర్లలో కొలుస్తారు. అది 10^10 దగ్గర ఉంటే ఈఎస్పీ హాయిగా పనిచేస్తుంది. 10^11 దాటితే చిక్కులు మొదలవుతాయి. రేకు మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు 20 నానో ఆంపియర్ల కరెంటు వస్తోందనుకుందాం. నిరోధకత 10^10 అయితే ఓం సూత్రం ప్రకారం పొర మందంలో సెంటీమీటరుకు 200 వోల్టులు. అది లెక్కలోకి రాదు. నిరోధకత 10^12 అయితే సెంటీమీటరుకు 20,000 వోల్టులు! అంత ఒత్తిడికి పొరలోని సందుల్లో ఉన్న గాలి తట్టుకోలేదు. రేకు మీదనే చిన్న చిన్న మెరుపులు పుడతాయి. అక్కడ పుట్టిన ధన అయాన్లు వెనక్కి, కడ్డీల వైపు వస్తాయి. దారిలో రుణావేశం పొందిన రేణువులు ఎదురైతే వాటి ఆవేశాన్ని పోగొడతాయి. దీన్ని బ్యాక్ కరోనా అంటారు. మిషను కష్టపడి ఎక్కించిన ఆవేశాన్ని మిషనే దించేస్తుంది.

కిల్ను దుమ్ము నిరోధకత రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: వాయువు వేడి, వాయువులోని తేమ. 150 డిగ్రీలకు లోపు, తేమ ఉన్న వాయువులో, రేణువుల ఒంటిమీద నీటి పొర కనిపించనంత పలుచగా పట్టి ఉంటుంది. కరెంటు ఆ పొర మీదుగా పోతుంది. వాయువు 200 డిగ్రీల వైపు పోయి, పొడిగా ఉంటే ఆ పొర ఆరిపోతుంది. అప్పుడు నిరోధకత ఒక్కసారిగా వంద రెట్లు కూడా పెరగవచ్చు.

రాత్రికీ దీనికీ సంబంధం ఇక్కడే ఉంది. కిల్ను రాత్రింబవళ్లు ఆగకుండా నడుస్తుంది. సున్నపురాయిని పొడిచేసే రా మిల్లు అలా కాదు. దాని సామర్థ్యం కిల్ను అవసరం కంటే కొంచెం ఎక్కువగా పెడతారు. సైలో నిండాక, లేదా సాయంత్రం కరెంటు ధర ఎక్కువగా ఉండే గంటల్లో, కొన్ని గంటలు దాన్ని ఆపుతారు. మిల్లు నడుస్తున్నంతసేపూ కిల్ను వాయువు మిల్లు గుండా వెళ్లి, తడిరాయిని ఆరబెట్టి, తాను చల్లబడి, తేమ పట్టుకుని ఈఎస్పీలోకి వస్తుంది. ఈఎస్పీకి అంతకంటే కావలసినదేమీ లేదు. మిల్లు ఆగగానే వాయువు నేరుగా వస్తుంది. అప్పుడు దాన్ని చల్లబరిచే భారమంతా కండిషనింగ్ టవరుది. అదొక ఎత్తయిన గొట్టం. పైనుంచి నీటిని మంచులాగా చిమ్మి, 300 డిగ్రీలు దాటిన వాయువును 140, 150కి దించుతుంది. చిమ్మే నాజిళ్లు అరిగినా, పూడినా బిందువులు పెద్దవై, ఆవిరి కాకుండానే కిందపడి, టవరు అడుగున బురద చేస్తాయి. ఆ బురద తీయడం పెద్ద చాకిరీ. అందుకని బురద కనిపించగానే ఆపరేటరు చేసే మొదటి పని నీళ్లు తగ్గించడం. నీళ్లు తగ్గితే వేడి పెరుగుతుంది. తర్వాత జరిగేది పైన చెప్పాను.

1998 జనవరిలో ఒక రాత్రి ఇదంతా నా కళ్లముందే జరిగింది. కర్మాగారం పేరు అక్కరలేదు. నేను రాత్రి షిఫ్టులో ఎలక్ట్రికల్ ఇంజనీరుని. తొమ్మిదింటికి రా మిల్లు ఆపారు. పదిన్నరకు టవరు అడుగున బురద వచ్చిందని నీళ్లు తగ్గించారు. ఈఎస్పీలోకి వచ్చే వాయువు 145 నుంచి 190 డిగ్రీలకు చేరింది. ప్యానెల్ మీద రోజూ ఒక్కొక్క ఫీల్డు 50 కిలోవోల్టులు, 300 మిల్లీ ఆంపియర్లు చూపేది. ఆ రాత్రి 42కు పడింది. నేను చూశాను. వోల్టేజి తగ్గింది కాబట్టి కరెంటు పెంచితే సర్దుకుంటుందని అనుకుని, కరెంటు పరిమితిని పైకి తిప్పాను. మిల్లీ ఆంపియర్లు 450 అయ్యాయి. కిలోవోల్టులు 34కి పడిపోయాయి. ఎక్కువ కరెంటు పోతోంది గదా, ఎక్కువ పని జరుగుతోందని తృప్తిపడి లాగ్ పుస్తకంలో వ్రాసి సంతకం చేశాను.

నేను చేసింది సరిగ్గా తలకిందుల పని. కరెంటు పెరిగి వోల్టేజి తగ్గుతోందంటే బ్యాక్ కరోనా అని గుర్తు. పొర గుండా కరెంటు పెంచినకొద్దీ దానిమీద ఒత్తిడి పెరిగి మెరుపులు ఎక్కువవుతాయి. 34 కిలోవోల్టుల దగ్గర w సగానికంటే తక్కువ. సూత్రం ప్రకారం లెక్కిస్తే ఘనమీటరుకు 1.6 గ్రాములు మిగులుతుంది. గంటకు 3 లక్షల ఘనమీటర్ల వాయువు పోయే కిల్నుకు అది గంటకు దాదాపు అరటన్ను దుమ్ము. మామూలు రోజున గంటకు 12 కిలోలే. పైగా బ్యాక్ కరోనా ఆవేశాన్ని పోగొట్టడం ఈ సూత్రంలో లేదు కాబట్టి నిజంగా పోయింది ఇంకా ఎక్కువే అయి ఉంటుంది.

తెల్లవారి గేటు దగ్గరికి ఒక రైతు వచ్చాడు. కందులు కళ్లంలో ఆరబోసుకునే రోజులు. చేటలో కందులు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎర్రటి కందుల మీద బూడిద రంగు పొడి. "మీరు రాత్రి ఆపలేదంటారు. మరి ఇదేంది సార్?" అన్నాడు. ఆపలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ చేట నా ముందుంది. ఆ ఉదయం మా పెద్ద ఇంజనీరు లాగ్ పుస్తకం చూసి, "కరెంటు పెంచావా? తగ్గించాల్సింది గదయ్యా!" అన్నాడు.

తగ్గించడమే సరైన దారి. కరెంటు తగ్గిస్తే పొర మీద ఒత్తిడి తగ్గి మెరుపులు ఆగుతాయి, వోల్టేజి కొంతైనా కోలుకుంటుంది. తర్వాత వచ్చిన కంట్రోలర్లు ఈ పని తామే చేస్తాయి. కరెంటును నిరంతరంగా ఇవ్వకుండా, ఒక అరవిడత ఇచ్చి కొన్ని విడతలు ఆపుతాయి. సుత్తుల దెబ్బలు సరిగా పడుతున్నాయో లేదో చూసి పొర మందం తగ్గించాలి. అన్నింటికంటే ముందు నాజిళ్లు మార్చి నీటిని సరిగా చిమ్మాలి. అది కుదరకపోతే కిల్నులోకి పోసే ముడిపొడిని తగ్గించాలి. ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి ఈ చివరి మాట రాత్రి షిఫ్టులో ఎవరూ పలకరు. ఆ రాత్రి నేనూ పలకలేదు.

ఈఎస్పీ నిజంగానే ఆగిపోయే సందర్భం కూడా ఒకటుంది. బొగ్గు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడు వస్తుంది. ఈఎస్పీలో నిప్పురవ్వలు మామూలే. రెండూ కలిస్తే పేలుడు. అందుకని ఆ వాయువు పెట్టిన హద్దు దాటగానే ఈఎస్పీ కరెంటు దానంతటదే తెగిపోతుంది. అది మనుషుల ప్రాణరక్షణకు. కానీ ఆ 5 నిమిషాల్లో, 40 గ్రాముల లెక్కన, టన్ను దుమ్ము ఈఎస్పీలోకి వస్తుంది. కొంత దానంతటదే తొట్టిలో పడినా మిగిలింది చిమ్నీ దారి పడుతుంది. మామూలుగా నడిస్తే టన్ను బయటికి పోవడానికి మూడున్నర రోజులు పడుతుంది. దీనికి మందు ఈఎస్పీలో లేదు, మంట సరిగా మండించడంలో ఉంది.

ఇప్పుడు సిమెంటు కిల్నులకు ఘనమీటరుకు 30 మిల్లీగ్రాముల హద్దు ఉంది. అన్నీ సవ్యంగా నడిచినా మన లెక్కలోని 40 దానికి చాలదు. అందుకే చాలా కర్మాగారాలు బ్యాగ్ ఫిల్టరుకు మారాయి. కొన్నిచోట్ల పాత ఈఎస్పీ ఇనుప ఇంటిని అలాగే ఉంచి, లోపలి రేకులు తీసేసి సంచులు వేలాడదీశారు.

బ్యాగ్ ఫిల్టరు మన ఇంట్లో పిండి జల్లెడలాంటిదే అనిపిస్తుంది. కానీ నిజంగా వడకట్టేది గుడ్డ కాదు, గుడ్డ మీద పట్టిన దుమ్ము పొర. అందుకే కొత్త సంచి కంటే కొంచెం దుమ్ము పట్టిన సంచి బాగా పనిచేస్తుంది. పొర మందమయ్యాక పైనుంచి క్షణకాలం గాలి దెబ్బ కొడతారు. సంచి ఉబ్బి దుమ్ము రాలుతుంది. ఇక్కడ దుమ్ము నిరోధకతతో పనే లేదు. రా మిల్లు నడిచినా ఆగినా తేడా లేదు.

మరి దీని ఇబ్బందులేమిటి? మన 3 లక్షల ఘనమీటర్ల వాయువే తీసుకుందాం. 120 డిగ్రీల వేడికి అది వ్యాకోచించి గంటకు 4,32,000 అవుతుంది, నిమిషానికి 7,200. గుడ్డ గుండా నిమిషానికి ఒక మీటరు వేగంతో పోనిస్తే 7,200 చదరపు మీటర్ల గుడ్డ కావాలి. 16 సెంటీమీటర్ల వ్యాసం, 6 మీటర్ల పొడవున్న సంచికి 3 చదరపు మీటర్లు. అంటే 2,400 సంచులు! వాయువును వాటి గుండా లాగడానికి ఫ్యాను మీద అదనపు భారం పడుతుంది. 120 మిల్లీమీటర్ల నీటిమట్టం ఒత్తిడి ఎక్కువ కావలసి వస్తే దాదాపు 190 కిలోవాట్లు ఖర్చు. వేడి 260 డిగ్రీలు దాటితే గాజునార సంచులు కూడా పాడవుతాయి. వాయువు మరీ చల్లబడి నీరు కడితే దుమ్ము సంచి మీద మట్టిలా గట్టిపడుతుంది.

దీనికి కూడా జబ్బు చెప్పే మీటరు ఉంది. సంచులకు ఇటూ అటూ ఒత్తిడి తేడా చూపే మీటరది. తేడా రోజురోజుకూ పెరుగుతూ పోతే సంచులు పూడుకుపోతున్నాయి. ఉన్నట్టుండి తగ్గి, చిమ్నీ మీటరు పెరిగితే సంచి చిరిగింది. 2,400లో ఏది? గాలి దెబ్బ వరుస తర్వాత వరుసకు పడుతుంది. ఏ వరుసకు దెబ్బ పడగానే చిమ్నీ మీటరు ఎగిరిందో ఆ వరుసలో వెతకాలి.

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో మాత్రం ఇప్పటికీ ఈఎస్పీలే ఎక్కువ. వాయువు అపారం కాబట్టి సంచులు, ఫ్యాను ఖర్చు భారమవుతాయి. కానీ జబ్బు అక్కడా అదే. మన దేశపు బొగ్గులో గంధకం చాలా తక్కువ, నూటికి అర వంతు దగ్గర. గంధకం నుంచి వచ్చే సల్ఫర్ ట్రయాక్సైడు బూడిద ఒంటికి పట్టి కరెంటుకు దారి ఇస్తుంది. మన బొగ్గులో అది లేక బూడిద నిరోధకత ఎక్కువ. పైగా బూడిదే నూటికి 35, 40 వంతులు. అందుకే మన ఈఎస్పీలు అంత భారీగా కట్టాలి. కొన్నిచోట్ల వాయువులోకి అమ్మోనియాను కొద్దిగా వదిలి నయం చేసుకుంటారు. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ప్రకటన ప్రకారం 2003 చివరికి ముందు కట్టిన యూనిట్లకు 100, 2004 నుంచి 2016 వరకు కట్టినవాటికి 50, ఆ తర్వాతి వాటికి 30 మిల్లీగ్రాముల హద్దు ఉంది.

ఊళ్లో ఉండి చూసేవారికి ఒక్క మాట. చిమ్నీ నుంచి తెల్లగా వచ్చేదంతా దుమ్ము కాదు. నీటి ఆవిరి అయితే చిమ్నీ మూతికి కొంచెం పైన మొదలై, కాస్త దూరంలో గాలిలో కలిసి మాయమవుతుంది. దుమ్ము అయితే మూతి దగ్గరే మొదలై తోకలాగా దూరం వరకు సాగుతుంది. అది ఏ గంటకు మొదలై ఏ గంటకు ఆగిందో వ్రాసిపెట్టుకోండి. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సిమెంటు, థర్మల్ కర్మాగారాలు చిమ్నీకి నిరంతరం కొలిచే మీటర్లు పెట్టి, ఆ అంకెలు మండలికి పంపాలని ఆదేశించింది. "రాత్రిళ్లు ఆపేస్తున్నారు" అంటే "ఆపలేదు" అని జవాబు వస్తుంది, అది నిజమే కావచ్చు కూడా. "ఫలానా తేదీ రాత్రి పదిన్నర నుంచి రెండింటి వరకు మీ రా మిల్లు నడిచిందా? ఈఎస్పీలోకి వచ్చిన వాయువు ఎన్ని డిగ్రీలు? ఫీల్డుల్లో ఎన్ని కిలోవోల్టులు?" అని అడిగితే లాగ్ పుస్తకం తెరవక తప్పదు.

1998లో ఆ రైతు నన్ను ఈ మూడు ప్రశ్నలూ అడిగి ఉంటే, నా సంతకమే నాకు జవాబు చెప్పి ఉండేది.